విరాళాల కోసం ఒకరి కథ రాసేటప్పుడు: "మీ ఇష్టం" అనే మాటను అనుమతిగా తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది చిన్న సంస్థ. మోకాలి కింద కాలు పోయినవాళ్లకు కృత్రిమ కాలు పెట్టిస్తాం. కిందటేడు కాలు పెట్టించుకున్న ఒకావిడ కథ రాసి విరాళాలు అడగాలనుకుంటున్నాం. అడిగితే "మీ ఇష్టం, రాసుకోండి" అంది. ఇది చాలా? ఆమెను తక్కువ చేయకుండా, అయినా చదివినవాళ్లు డబ్బిచ్చేలా ఎలా రాయాలి?

సమాధానం:

చాలదు. "మీ ఇష్టం" అన్నప్పుడు ఆమె తన నిర్ణయాన్ని మీకు వదిలేసింది. ఎందుకు వదిలేసిందో మీ పనిలోనే ఉంది. మోకాలి కింద కాలు తీసేశాక మిగిలిన భాగం, అంటే స్టంప్, మొదటి ఏడాదంతా, కొందరికి ఏడాదిన్నర దాకా, సన్నబడుతూనే ఉంటుంది. స్టంప్‌ను దూర్చి తొడుక్కునే గిన్నెలాంటి భాగం, అంటే సాకెట్, మొదట కొలతకు సరిపోయినా తర్వాత వదులవుతుంది. కొన్నాళ్లు స్టంప్ మీద సాక్సు పొరలు పెంచుకుంటూ సర్దుకోవచ్చు. ఒక దశ దాటాక అదీ కుదరదు. స్టంప్ సాకెట్లోకి దిగిపోయి, ఎముక ఉన్నచోట ఒరుసుకుని పుండు పడుతుంది. అప్పుడు కొత్త సాకెట్ కావాలి. స్టంప్‌కూ సాకెట్‌కూ మధ్య ఉండే మెత్తటి తొడుగు, అంటే లైనర్, కూడా అరిగిపోతుంది. కాలు మొత్తాన్ని కూడా మూడు నుంచి ఐదేళ్లకొకసారి మార్చుకోవాల్సి రావచ్చు. ఇవన్నీ ఆమెకు తెలుసు, మళ్లీ మీ దగ్గరికే రావాలనీ తెలుసు. అలాంటి మనిషి మీ ముఖం మీద "వద్దు" అనడం ఎంత కష్టమో ఆలోచించండి. కాబట్టి ముందు ఆమె "వద్దు" అన్నా ఏ నష్టమూ లేని పరిస్థితి కల్పించాలి. ఆ తర్వాతే అడగాలి.

ఆ పరిస్థితిని మాటలతో కాదు, ఏర్పాట్లతో కల్పిస్తారు. ఆమెకు కాలు అమర్చిన సాంకేతిక నిపుణుడు గానీ, నడక నేర్పిన ఫిజియోథెరపిస్టు గానీ, ఆమె దరఖాస్తు చూసిన ఉద్యోగి గానీ అడగకూడదు. ఆమె సేవల విషయంలో ఏ నిర్ణయమూ చేతిలో లేని మనిషి అడగాలి. చిన్న సంస్థలో అలాంటివాళ్లు దొరకడం కష్టమే. లెక్కలు చూసే వాలంటీరైనా ఫర్వాలేదు. ఆమె కొత్త సాకెట్ గురించి ఏదైనా నిర్ణయం పెండింగులో ఉంటే, దాన్ని ముందే తేల్చి, ఆమెకు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ తర్వాత అడగండి. క్లినిక్‌లో కొలతలు తీసుకునే రోజున అడగొద్దు. ఆమె ఇంట్లో, లేదా ఆమె కోరిన చోట, తనకు నమ్మకమున్న ఒకరిని పక్కన ఉంచుకునే వీలిచ్చి అడగండి. వచ్చిపోయే ఖర్చు, పని మానుకున్న సమయానికి కూలి ఇవ్వాలనుకుంటే ఎంతో ముందే చెప్పి, ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అదే రోజు ఇచ్చేయండి. ఒప్పుకున్నాకే ఇస్తే అది కథకు కట్టిన ధర అవుతుంది.

మొదటి రోజు జవాబు తీసుకోకండి. విషయమంతా చెప్పి, కనీసం రెండు మూడు రోజులు ఆగి, మళ్లీ వెళ్లండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడాక మనసు మార్చుకునేవాళ్లు ఉంటారు. మార్చుకునేందుకే ఆ గడువు.

చెప్పేటప్పుడు "ఆన్‌లైన్‌లో పెడతాం" అంటే ఆమెకు ఏమీ చెప్పనట్టే. మీ సంస్థ పాత పోస్టు ఒకటి ఫోన్లో తెరిచి, ఆమె చేతికే ఇచ్చి చూపించండి. కింద వచ్చిన కామెంట్లు చదివి వినిపించండి, అందులో మంచివీ చెడ్డవీ ఉండాలి. ఎవరైనా దాన్ని ఇంకొకరికి పంపవచ్చని, ఫొటో దించుకోవచ్చని, డబ్బు కట్టి ప్రకటనగా పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా కనిపిస్తుందని చెప్పండి. తర్వాత "అర్థమైందా?" అని అడగకండి. దానికి అందరూ అవుననే అంటారు. "ఈ పోస్టు ఎవరెవరు చూడొచ్చో మీరు చెప్పండి" అనండి. "మీ ఆఫీసువాళ్లు" అని ఆగిపోతే, ఆమెకు ఇంకా అందలేదన్నమాట. మళ్లీ మొదటినుంచి చెప్పాలి.

అందరూ వదిలేసే ప్రశ్న ఒకటుంది, నా లెక్కలో అన్నింటికంటే పనికొచ్చేది అదే: "ఇది ఎవరి కంటబడితే మీకు ఇబ్బంది?" పాత యజమాని, అత్తింటివాళ్లు, అప్పిచ్చినవాళ్లు, పిల్లల బడిలో తోటి పిల్లలు, ఇలా జవాబులొస్తాయి. ప్రమాదం మీద నష్టపరిహారం కేసు నడుస్తోందేమో కూడా ఇక్కడే అడగండి. "జాగ్రత్తగా లేకపోవడంతో చెయ్యి జారింది" అని మీరు రాసిన ఒక్క వాక్యాన్ని అవతలి పక్షం వాడుకోవచ్చు. కేసు ఉంటే ప్రమాదం ఎలా జరిగిందో ఒక్క ముక్క కూడా రాయకండి, లేదా ఆమె వకీలు చూశాకే రాయండి.

అనుమతి కాగితం ఒక సంతకంతో ముగియకూడదు. ఒక్కో విషయానికి ఒక్కో జవాబు ఉండాలి. పేరు రాయొచ్చా, ముఖం చూపించొచ్చా, గొంతు వినిపించొచ్చా, ఊరు చెప్పొచ్చా, కాలు ఎలా పోయిందో, ఇంట్లో ఎవరెవరున్నారో, సంపాదన ఎంతో చెప్పొచ్చా అన్నవి విడివిడిగా. ఎక్కడ వాడొచ్చు అన్నది మళ్లీ విడిగా: మీ పేజీలోనా, ఈమెయిల్లోనా, అచ్చు కరపత్రంలోనా, డబ్బు కట్టిన ప్రకటనల్లోనా. గడువు తేదీ తప్పక వేయండి. ఏడాది చాలు. ఆపైన వాడాలంటే మళ్లీ అడగాలి, ఎందుకంటే ఏడాదిలో మనిషి పరిస్థితి మారిపోతుంది. చదవడం రాని వారైతే ఇవే ప్రశ్నలు, జవాబులు ఆమె మాట్లాడే భాషలో గొంతు రికార్డు చేయండి. ఒక ప్రతి ఆమె దగ్గర ఉండాలి. దాని మీద సంస్థ ఫోన్ నంబరుతోపాటు ఎవరితో మాట్లాడాలో ఒక మనిషి పేరు కూడా రాయండి.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సంగతి వేరు. తల్లిదండ్రుల అనుమతి ఉన్నా బిడ్డ విడిగా, తన మాటల్లో సరే అనాలి. బిడ్డ తల తిప్పుకున్నా, మౌనంగా ఉన్నా దాన్ని "వద్దు" గానే తీసుకోవాలి. బడి పేరు, యూనిఫాం, ఊరు ఏవీ ఉండకూడదు.

ఇక మాట్లాడటం. గంట దాటనివ్వకండి. ప్రమాదం నుంచి మొదలుపెట్టకండి, ఈ రోజు నుంచి మొదలుపెట్టండి. "పొద్దున లేచాక కాలు తొడుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది? ముందు ఏం చేస్తారు, తర్వాత ఏం చేస్తారు?" అనే ప్రశ్నకు పది నిమిషాల జవాబు వస్తుంది, కథకు కావలసిన సరుకు చాలావరకు అందులోనే ఉంటుంది. "ఏ పని ఇప్పటికీ కష్టంగా ఉంది? ఏ పనికి ఎవరి సాయమూ అడగడం లేదు? కొత్తగా కాలు పెట్టించుకోబోయే మనిషికి మీరేం చెబుతారు?" అని అడగండి. చివరి ప్రశ్న ముఖ్యం. దానికి జవాబిచ్చేటప్పుడు ఆమె సాయం పొందిన వ్యక్తిగా కాక విషయం తెలిసిన మనిషిగా మాట్లాడుతుంది, ఆ మాటల్లోనే మంచి వాక్యాలు దొరుకుతాయి. ప్రమాదం గురించి తనంతట తాను చెబితే వినండి, తవ్వకండి. కళ్లనీళ్లు పెట్టుకుంటే రికార్డరు, కెమెరా రెండూ ఆపేయండి. ఆ క్షణం తీసిన ఫొటో ఎంత బాగున్నా వాడటానికి వీల్లేదు.

రాసే ముందు తేల్చుకోవాల్సింది, డబ్బు దేనికి అడుగుతున్నారో. ఇక్కడే చాలా పోస్టులు తెలియకుండానే అబద్ధమవుతాయి. ఆమెకు కాలు కిందటేడే వచ్చింది. "ఈమె మళ్లీ నడిచేందుకు సాయం చేయండి" అని రాస్తే, ఇచ్చినవాళ్లు తమ డబ్బు ఆమెకే వెళుతుందనుకుంటారు. మీరు దాన్ని వేరేవాళ్ల సాకెట్లకు ఖర్చుపెడితే మాట తప్పినట్టే. కాబట్టి రెండింటిలో ఒకటి స్పష్టంగా ఎంచుకోండి. ఒకటి, ఆమె పేరు మీదే వసూలు చేసి, ఆమెకే ఖర్చుపెట్టి, లక్ష్యం చేరగానే ఆపేయడం. రెండు, ఆమె అవసరం తీరిందని చెప్పి, అదే దశలో ఉన్న ఇతరుల కోసం అడగడం. చిన్న సంస్థకు రెండోదే మంచిదంటాను. మొదటి పద్ధతిలో డబ్బు వచ్చినా రాకపోయినా ఆ భారం ఆమె మీదే పడుతుంది. వసూలు తక్కువైతే "నా కథకు ఇంతేనా" అనిపిస్తుంది, ఎక్కువైతే మిగిలినది తనదేనని ఇంట్లోవాళ్లు అడగొచ్చు. ఏది ఎంచుకున్నా, అనుకున్నదానికంటే ఎక్కువ వస్తే ఎక్కడ ఖర్చుపెడతారో పోస్టులోనే రాయండి.

ఒక్క మనిషి కథే ఎందుకు, ఇంతమందికి అవసరముందని అంకెలతో చెబితే చాలదా అని మీ కమిటీలో ఎవరైనా అడగొచ్చు. డెబరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన అధ్యయనం దీని మీదే. పాల్గొన్నవాళ్ల చేతిలో ఐదు డాలర్లు పెట్టి, అందులో ఎంత విరాళమిస్తారో చూశారు. ఆకలి గురించి అంకెలు మాత్రమే చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. మాలి దేశపు ఏడేళ్ల బాలిక గురించి చదివినవాళ్లు 2.38 ఇచ్చారు. బాలిక కథ పక్కనే అంకెలు కూడా పెడితే అది 1.43కి పడిపోయింది. దీన్నుంచి మీరు తీసుకోవలసింది కథ మధ్యలో గణాంకాలు దూర్చొద్దన్నదే. ఎంతమంది ఎదురుచూస్తున్నారో, ఒక్కొక్కరికి ఎంత ఖర్చో డబ్బు అడిగే పేరాలో ఒక్కసారి చెబితే చాలు. ఇంకో సంగతి, ఎంత దీనంగా చూపిస్తే అంత డబ్బు వస్తుందని ఈ అధ్యయనం చెప్పలేదు. ఒక మనిషి స్పష్టంగా కనిపించాలని మాత్రమే చెప్పింది. దీనత్వానికీ స్పష్టతకూ పొత్తు లేదు.

ఇప్పుడు రాత. మామూలుగా వచ్చే చిత్తుప్రతి ఇలా ఉంటుంది:

> "ఒక్క క్షణంలో ఈ అభాగ్యురాలి జీవితం చీకటైపోయింది. కాలు పోయింది. కట్టుకున్నవాడు వదిలేశాడు. దిక్కుతోచని స్థితిలో ఉన్న ఆమెకు మా సంస్థ కొత్త జీవితాన్ని ప్రసాదించింది. మీ చిన్న సాయం ఇలాంటి ఎందరినో నిలబెడుతుంది."

ఇందులో క్రియలన్నింటి కిందా గీత గీయండి. చీకటైపోయింది, పోయింది, వదిలేశాడు, ప్రసాదించింది. ఒక్కదానికీ ఆమె కర్త కాదు. అన్నీ ఆమెకు జరిగాయి, ఆమె చేసింది ఏదీ లేదు. మీ చిత్తుప్రతిని ఇలాగే పరీక్షించండి. ఆమె కర్తగా ఉన్న వాక్యాలు కనీసం సగం ఉండాలి. "ప్రసాదించింది" లాంటి మాట మిమ్మల్ని దాతగా పెద్దచేసి, సర్జన్‌నీ, ఫిజియోథెరపిస్టునీ, నెలల తరబడి సాధన చేసిన ఆమెనీ తుడిచేస్తుంది. భర్త సంగతి కృత్రిమ కాలికి సంబంధించినది కాదు, అది కన్నీళ్ల కోసం తెచ్చిపెట్టినది. "కొత్త జీవితం" అనేది కొలవడానికి వీల్లేని మాట, చదివినవాళ్లకు తమ డబ్బుతో ఏం కొంటారో తెలియదు.

అదే విషయాన్ని ఇలా రాయొచ్చు. ఇది నమూనా కోసం కట్టింది. కొటేషన్లో ఉన్నది మీ రికార్డింగులో ఆమె అన్న మాటే అయ్యుండాలి, ఖాళీల్లో మీ లెక్కలు రావాలి:

> గుడ్డ కత్తిరించాలంటే నిలబడాలి. కుట్టడం కూర్చుని చేయొచ్చు గానీ, కత్తిరింపు నిలబడి చేస్తేనే కొలత తప్పదంటుంది ఆమె. ఏళ్లుగా దర్జీ పని చేస్తున్న మనిషి. కుడికాలు మోకాలి కింద తీసేశాక ఆమె పెట్టుకున్న మొదటి లక్ష్యం, బల్ల దగ్గర అరగంట నిలబడటం.
>
> కిందటేడు దాతలిచ్చిన డబ్బుతో ఆమెకు కృత్రిమ కాలు అమరింది. ఫిజియోథెరపిస్టు అడుగులు చూపించింది. ఇంట్లో గోడ పట్టుకుని రోజూ సాధన చేసింది ఆమె. "కాలు తొడిగితే నడక దానంతటదే వస్తుందనుకున్నా. రాలేదు. నేనే నేర్చుకున్నా."
>
> కాలు అమర్చిన మొదటి ఏడాదిలో మోకాలి కింద మిగిలిన భాగం సన్నబడి సాకెట్ వదులవుతుంది. అలాగే నడిస్తే పుండ్లు పడతాయి. ఆమె కొత్త సాకెట్‌కు డబ్బు సమకూరింది, కొలతలు కూడా ఇచ్చేసింది. ఇదే దశలో ఉన్న మరో [సంఖ్య] మంది ఎదురుచూస్తున్నారు. ఒక సాకెట్, ఒక లైనర్, అమర్చాక మూడుసార్లు సరిచేయించుకోవడం, రానుపోను ఖర్చు కలిపి ఒకరికి [మొత్తం] అవుతుంది. మీరిచ్చేది దీనికే వెళుతుంది. అందరికీ సరిపోగా మిగిలితే, తర్వాత వచ్చేవాళ్ల సాకెట్లకు ఉంచుతాం.
>
> ఆమె పేరు, ముఖం ఇక్కడ లేవు. అది ఆమె నిర్ణయం. ఈ పోస్టులో ప్రతి వాక్యాన్నీ విని, ఆమె సరే అన్నాకే పెట్టాం.

కష్టాన్ని దాచిపెట్టలేదని గమనించండి. కాలు తీసేశారు, పుండ్లు పడతాయి, నడక రాలేదు, అన్నీ ఉన్నాయి. గౌరవంగా రాయడమంటే అంతా బాగుందని రాయడం కాదు. మరీ తీపిగా "ఇప్పుడామె పరుగెడుతోంది, అందరికీ స్ఫూర్తి" అని రాసినా అబద్ధమే, పైగా ఇంకా డబ్బెందుకో చదివినవాళ్లకు అర్థం కాదు. ఆమె మాటలకు నగిషీ పెట్టకండి. "నేనే నేర్చుకున్నా" అన్నది "ఆత్మవిశ్వాసంతో అడుగులు వేశాను" అని మారిందంటే అది ఆమె మాట కాదు. వేరే భాష నుంచి తెచ్చిన మాటైతే అనువాదమని రాయండి.

అసలైన అనుమతి ఈ దశలో వస్తుంది. మొదటిసారి ఆమె ఒప్పుకున్నది ఇంకా పుట్టని ఒక పోస్టుకు. చిత్తుప్రతి పూర్తయ్యాక ఫోన్లో పంపి "చూసి చెప్పండి" అనొద్దు, బాగుందనే అంటారు. ఎదురుగా కూర్చుని ఒక్కో వాక్యం చదివి వినిపించి ఆగండి. "బాగుందా?" అని కాకుండా "ఇందులో ఏది తీసేద్దాం?" అని అడగండి. తీసేయడానికి ఏదో ఒకటి ఉంటుందని మీరే ఒప్పుకున్నట్టుంటుంది కాబట్టి ఆమెకు చెప్పడం తేలికవుతుంది. "గోడ పట్టుకుని" అన్నది తీసేయమందనుకోండి, బలహీనంగా కనిపిస్తున్నానని. వాదించకండి. "ఇంట్లో రోజూ సాధన చేసింది" అంటే సరిపోతుంది. పోస్టుకు ప్రాణమనుకున్న వాక్యమే తీసేయమన్నా తీసేయాల్సిందే. దాన్ని తీసేస్తే పోస్టు నిలబడటం లేదంటే, డబ్బు ఎందుకు కావాలో రాసిన భాగం బలంగా లేదన్నమాట. అక్కడ బాగుచేయండి. తర్వాత మీ ఆఫీసులో ఎవరైనా శీర్షిక మార్చినా, ఫొటో మార్చినా మళ్లీ ఆమెకు చూపించాలి. ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది ఇక్కడే. పోస్టు ఆమె ఒప్పుకున్నదే, ప్రకటన కోసం ఎవరో చివర్లో పెట్టిన శీర్షిక మాత్రం ఆమె ఎన్నడూ విననిది.

ముఖం చూపించకపోతే గుర్తుపట్టరనుకోవడం పొరపాటు. దర్జీ పని, కాలు పోయిన సంగతి, ఊరు, ఈ మూడూ కలిస్తే ఆ ఊళ్లో ఒక్కరే ఉంటారు. వృత్తి చెప్పాలనుకుంటే ఊరు వదిలేయండి. ఊరు కావాలంటే వృత్తి వదిలేయండి. పేరు వద్దన్నప్పుడు మారుపేరు పెడితే మారుపేరని తప్పకుండా చెప్పండి. ఫొటోలో ముఖాన్ని మసకచేయడం నాకు నచ్చదు, తప్పుచేసిన మనిషిని చూపించినట్టుంటుంది. దాని బదులు మొదటినుంచే చేతులు, కత్తెర, కొలత టేపు, బల్ల కిందున్న రెండు పాదాలు వచ్చేలా తీయండి. చేతి మీద పచ్చబొట్టు, ఉంగరం, వెనక గోడ మీద ఇంటి నంబరు, దుకాణం బోర్డు, అద్దంలో ముఖం, ఇవన్నీ పెద్దదిగా చేసి వెతకాలి. ముఖం చూపించడానికి ఒప్పుకుంటే కెమెరా ఆమె కళ్ల ఎత్తులో ఉండాలి. కూర్చున్న మనిషిని పైనుంచి తీస్తే ఎవరైనా చిన్నగా, దీనంగా కనిపిస్తారు. స్టంప్‌ను చూపించాలా వద్దా అన్నది ఆమే చెప్పాలి, మీరు అడగకుండా ఉండటమే మంచిది. తీసిన వాటిలో నాలుగైదు చూపించి, ఏది వాడాలో ఆమెనే ఎంచుకోమనండి. ఎంచుకోనివి చెరిపేయండి.

ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్లో తీసిన స్థలం అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండొచ్చు. ఆమె ఇంట్లో తీస్తే అది ఆమె ఇంటి చిరునామాయే. కొన్ని సామాజిక మాధ్యమాలు దాన్ని తొలగిస్తాయి, మీ వెబ్‌సైట్ తొలగిస్తుందని నమ్మకం లేదు. పెట్టేముందే తీసేయండి. విండోస్‌లో ఫైల్ మీద కుడి క్లిక్ చేసి Properties, తర్వాత Details, కింద Remove Properties and Personal Information. ఫొటోల్లో దాగిన సమాచారాన్ని తీసేసే ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్ ఉంటే, ఈ కమాండ్ ఇవ్వండి:

```
exiftool -all= -tagsfromfile @ -Orientation photo.jpg
```

ఇందులో `-tagsfromfile @ -Orientation` అన్న భాగం లేకపోతే ఫొటో ఏ వైపు నిలువో చెప్పే సమాచారం కూడా పోయి, అది అడ్డంగా తిరిగిపోవచ్చు. పాత ఫైలును ఇది `photo.jpg_original` అనే పేరుతో పక్కనే ఉంచుతుంది. స్థలం వివరం అందులో అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా చెరిపేయాలి. ఫైల్ పేరులో ఆమె పేరు లేకుండా కూడా చూసుకోండి, వెబ్‌సైట్‌లో ఫొటో మీద కుడి క్లిక్ చేసి దించుకోబోతే ఆ పేరు కనిపించొచ్చు.

పోస్టు ఏ రోజు పెడుతున్నారో ముందురోజు ఆమెకు ఫోన్ చేసి చెప్పండి. ఆమె చెల్లెలి ద్వారానో పక్కింటివాళ్ల ద్వారానో ఆ సంగతి ఆమెకు తెలియకూడదు. మొదటి రెండు రోజులు ఒకరు కామెంట్లు కనిపెట్టుకుని ఉండాలి. మూడు రకాలు తప్పక వస్తాయి. "జాగ్రత్తగా ఉండాల్సింది" అనే నిందలు, ఆమె నంబరు ఇవ్వండి నేరుగా పంపుతాననేవాళ్లు, ఆమెను గుర్తుపట్టి పేరు రాసేసేవాళ్లు. మూడోదాన్ని వెంటనే దాచేయాలి, జవాబు కూడా ఇవ్వకూడదు, ఇస్తే అవునని ఒప్పుకున్నట్టే. నేరుగా పంపుతామన్నవాళ్లకు, దాతల నంబరు ఆమెకు గానీ, ఆమె నంబరు దాతలకు గానీ ఇవ్వబోమని మర్యాదగా చెప్పండి. రాత్రిళ్లు చూసే మనిషి లేకపోతే కామెంట్లు మూసేయడమే మంచిది, దానివల్ల విరాళాలేమీ ఆగిపోవు. వేరేవాళ్లు ఆ ఫొటో ఎత్తుకెళ్లి తమ ఖాతా నంబరుతో పెట్టడం కూడా జరుగుతుంది. సంస్థ పేరును ఫొటో అంచున కాకుండా మధ్యభాగానికి దగ్గరగా వేస్తే కత్తిరించడం కష్టం. వారానికోసారి చిత్రంతో వెతికే సదుపాయం వాడి, ఇంకెక్కడైనా కనిపిస్తోందేమో చూడండి.

వారం తర్వాత ఎంత వచ్చిందో, దానితో ఎన్ని సాకెట్లకు సరిపోయిందో ఆమెకు చెప్పండి. కామెంట్లలో మంచివి చదివి వినిపించండి.

ఆమె వెనక్కి తీసుకుంటానంటే కారణం అడగకుండా తీసేయాలి. అది మాటవరసకు చెప్పడం తేలికే, చేయడానికి మాత్రం ఒక పట్టిక కావాలి. ఫొటో ఫైల్ పేరు, ఎక్కడెక్కడ ఎప్పుడు వాడారు, అనుమతి గడువు ఎప్పుడు, ఈ మూడు గడులు చాలు. వాడిన ప్రతిసారీ ఒక వరుస నింపాలి. ఇది లేని సంస్థల్లో పేజీలో పోస్టు చెరిపేసి పనైపోయిందనుకుంటారు, విడిగా తయారుచేసిన ప్రకటన మాత్రం డబ్బు ఖర్చవుతూ తిరుగుతూనే ఉంటుంది. ముందు ప్రకటనలు ఆపండి, తర్వాత పోస్టులు, వెబ్‌సైట్, ముందుగా షెడ్యూలు చేసి ఉంచినవి, చివరికి ఆఫీసు ఫోన్లలో, షేర్డ్ ఫోల్డరులో ఉన్న కాపీలు. ఇతరులు పంపుకున్నవి, స్క్రీన్‌షాట్లు, పంచిన కరపత్రాలు, వెళ్లిపోయిన ఈమెయిళ్లు వెనక్కి రావు. ఈ సంగతి మొదటి రోజునే చెప్పి ఉండాలి, అనుమతి కాగితంలో కూడా ఒక వరుసగా ఉండాలి.

ఇవన్నీ చెప్పాక ఆమె వద్దంటే, సాకెట్ గురించే రాయండి. ఒక సాకెట్ తయారవడానికి ఏ రోజు ఏం జరుగుతుందో, అచ్చు ఎలా తీస్తారో, మొదటిసారి తొడిగి నిలబెట్టినప్పుడు ఎక్కడ నొక్కుకుంటుందో ఎలా కనిపెడతారో, ఎన్నిసార్లు సరిచేస్తారో మీ నిపుణుడు చెబితే అదే మంచి పోస్టవుతుంది. నలుగురి అనుభవాలు కలిపి ఒక మనిషిని అల్లాలనుకుంటే, అది ఒక్కరి కథ కాదని మొదటి పేరాలోనే చెప్పండి, పక్కన ఏ నిజమైన మనిషి ఫొటో పెట్టకండి. ఆమె దగ్గరికి మళ్లీ వెళ్లి "ఇంకోసారి ఆలోచించండి" అనొద్దు. కొత్త సాకెట్ కోసం వచ్చిన రోజున అసలే అనొద్దు.